ఆరు నెలల పాప: క్రెచ్‌లో వేయాలా, ఇంట్లో ఆయాను పెట్టుకోవాలా? (కొండాపూర్)

మానస_కొండాపూర్
అందరికీ నమస్తే. వచ్చే నెల మా పాపకు ఆరు నెలలు నిండుతాయి. నా 26 వారాల సెలవు కూడా దాదాపు అప్పుడే అయిపోతుంది. నేను అమీర్‌పేటలో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తాను. పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరితే మళ్ళీ ఇల్లు చేరేది ఏడు దాటాకే. మా ఆయనది సాఫ్ట్‌వేర్. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకు వెళ్ళాలి, సోమ, శుక్రవారాలు ఇంటి నుంచే పని. శనివారం ఆయనకు సెలవు. నాకు మాత్రం రెండో, నాలుగో శనివారాలే.

మా వీధి చివర ఒక క్రెచ్ ఉంది. ఉదయం 8.30 నుంచి సాయంత్రం 6.30 వరకు. నెలకు 14,000, చేరేటప్పుడు 10,000. ఇంకో పక్క ఏజెన్సీ వాళ్ళు ఇంట్లోనే ఉండే ఆయాను పంపుతామంటున్నారు. ఆమెకు నెలకు 22,000, ఏజెన్సీకి ఒక నెల జీతం కమీషన్. మా అత్తయ్య ఖమ్మంలో ఉంటారు. మోకాళ్ళ నొప్పులు, పాపను ఎత్తుకుని తిరగలేరు, కానీ కొన్నాళ్ళు వచ్చి ఉంటానంటున్నారు. అమ్మ లేదు. రోజుకో రకంగా అనిపిస్తోంది. చూసినవాళ్ళు చెప్పండి.

ఫణి_కేపీహెచ్‌బీ
క్రెచ్‌లోనే వేసేయండి మేడం. రెండు కారణాలు. ఒకటి, అక్కడ జలుబులు పట్టి పట్టి ఇమ్యూనిటీ వచ్చేస్తుంది, స్కూలుకు వెళ్ళేసరికి గట్టిపడిపోతారు. రెండు, మీ ఆఫీసులో 30 మంది ఆడవాళ్ళుంటే కంపెనీయే క్రెచ్ పెట్టాలని చట్టం ఉంది. ఫీజు కూడా వాళ్ళే కట్టాలి. హెచ్‌ఆర్‌ను గట్టిగా అడగండి.

వెంకట్_మియాపూర్
ఫణి గారూ, ఆ 30 మంది ఆడవాళ్ళ లెక్క ఫ్యాక్టరీల పాత చట్టంలోది. 2017లో ప్రసూతి చట్టం మార్చాక లెక్క వేరు. ఆడామగా కలిపి 50 మంది పనిచేసే చోట క్రెచ్ సౌకర్యం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. ఫీజు ఎవరు కట్టాలన్నది మాత్రం అందులో తేల్చి చెప్పలేదు. చాలా కంపెనీలు ఏదో ఒక క్రెచ్‌తో ఒప్పందం పెట్టుకుని, కొంత తాము భరించి మిగతాది మన మీద వేస్తాయి.

మానస గారూ, మీ బ్రాంచిలో ఎంతమంది ఉంటారు?

మానస_కొండాపూర్
పదిహేను మంది కూడా ఉండం. హెచ్‌ఆర్‌ను అడిగాను. "బ్రాంచిని బట్టే లెక్క, మీకు వర్తించదు" అన్నారు. బ్యాంకు మొత్తం మీద వేలమంది ఉన్నారు కదా అంటే జవాబు లేదు. అమీర్‌పేటలో క్రెచ్ ఉన్నా పాపను రోజూ ఆ ట్రాఫిక్‌లో తిప్పడం నాకూ ఇష్టం లేదు. మధ్యలో వెళ్ళి పాలివ్వొచ్చన్న ఆశ ఒక్కటే.

సుబ్బారావు_తెనాలి
అమ్మాయ్, మా అమ్మాయి కూడా ఇదే అడిగింది. వాళ్ళు న్యూజెర్సీలో ఉంటారు. అక్కడ డే కేర్ ఖర్చు వింటే గుండె ఆగుతుంది, ఇంటి అద్దెతో పోటీ. అందుకని నేనూ మా ఆవిడా ఆరు నెలలు వెళ్ళి ఉన్నాం, తర్వాత వియ్యంకులు వెళ్ళారు. వీసాకు ముందే స్లాట్ చూసుకోవాలి, ఆలస్యం చేస్తే దొరకదు. అక్కడ మాత్రం పద్ధతిగా ఉంటుంది. ఏడాదిన్నర లోపు పిల్లలు నలుగురికి ఒక మనిషి ఉండి తీరాలట. మీ అత్తగారికి పాస్‌పోర్టు ఉందా?

మానస_కొండాపూర్
బాబాయ్ గారూ, మేము హైదరాబాద్‌లోనే ఉన్నామండీ 🙂 అయినా ఆ నలుగురికి ఒకరు అన్న మాట పనికొచ్చింది. మా వీధి క్రెచ్‌లో అడిగితే "ఆయాలు చాలామంది ఉన్నారు" అన్నారు తప్ప లెక్క చెప్పలేదు.

రాజ్యలక్ష్మి_విజయవాడ
నేను చాలా ఏళ్ళు క్రెచ్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ లెక్క దగ్గరే ఆగండి మానసా, అసలు విషయం అక్కడే ఉంది.

మన దగ్గర 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్ళ లోపు పిల్లలు పదిమందికి ఒక క్రెచ్ వర్కరు, తోడుగా హెల్పరు అని ఉంది. రెండున్నరేళ్ళ పిల్లలు పదిమందైతే ఒక మనిషి ఎలాగో నెట్టుకొస్తుంది. ఏడు నెలల పిల్లలు పదిమందైతే కుదరదు. ఒకరికి పాలు పడుతుంటే ఇంకొకరు వాంతి చేసుకుంటారు, మూడోవాళ్ళు ఏడుస్తుంటారు. ఏడాది లోపు పిల్లలకు ముగ్గురికి, మరీ అయితే నలుగురికి ఒక మనిషి లేకపోతే ఆ క్రెచ్ ఎంత అందంగా ఉన్నా వద్దు. "మొత్తం ఎంతమంది ఆయాలు" అని అడగకండి. "చంటిపిల్లల గదిలో ఈ రోజు ఎంతమంది పిల్లలు, ఎవరెవరు చూస్తున్నారు, ఒక ఆయా రాకపోతే ఆ రోజు ఎవరొస్తారు" అని అడగండి.

చూడ్డానికి పొద్దున పదింటికి వెళ్ళకండి, అప్పుడు అన్ని క్రెచ్‌లూ బాగుంటాయి. మధ్యాహ్నం పన్నెండున్నర, రెండు మధ్య వెళ్ళండి. తిండి, డైపర్లు, నిద్ర, ఆయాల భోజనం అన్నీ ఒకేసారి వచ్చే వేళ అది. ఇంకోసారి సాయంత్రం ఐదు తర్వాత వెళ్ళండి, సగం మంది ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు. ఒక మూల కూర్చుని, ఏడుస్తున్న బిడ్డ మీద ఎంతసేపటికి చేయి పడుతుందో చూడండి. టీవీ మోగుతోందా, పిల్లలు గంటల తరబడి బౌన్సర్‌లోనో వాకర్‌లోనో ఉంటున్నారా గమనించండి. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలా పడుకోబెడుతున్నారా, మెత్తటి దిండ్లు పెడుతున్నారా చూడండి. డైపర్ మార్చిన చేత్తోనే పాలసీసా పట్టుకుంటే ఇంకేం అడగక్కర్లేదు, వచ్చేయండి.

చివరగా, ఆ గదిలో ఆయా ఎన్నాళ్ళుగా పనిచేస్తోందని ఆమెనే అడగండి. నెలకో మనిషి మారే చోట మీ బిడ్డ ఎవరినీ పట్టుకోలేదు.

స్వప్న_నల్గొండ
ఆయా గురించి నేను చెప్త. మా అమ్మ పదేండ్ల సంది హైదరాబాద్‌ల ఇదే పని చేస్తది. అందరు "ఆయా మంచిదా కాదా" అంటరు గని ఆయాకు ఏం ఉంటదో ఎవరు అడగరు.

మీరు 22,000 ఇస్తున్నమనుకుంటరు. ఏజెన్సీలు కొన్ని అందుల నుంచి కూడ కోసుకుంటయి. మా అమ్మకు చేతికి వచ్చేది ఎంతనో ఇంటోళ్ళకు తెల్వదు. ఇంకో ఇంట్ల వెయ్యి ఎక్కువస్తదంటే ఏజెన్సోడే ఫోన్ చేసి "ఊరికి పోవాలె అని చెప్పి వచ్చెయ్" అంటడు. ఆయా మధ్యల వెళ్ళిపోయిందంటే చాలసార్లు కారణం గదే. జీతం నేరుగా ఆమె ఖాతాల వేస్తమని మొదలే మాట్లాడుకోండి.

ఇంకోటి. రాత్రి పాప నాలుగుసార్లు లేస్తే ఆయానే లేవాలె, పొద్దున ఆరింటికి మల్ల పని. పాప పడుకోంగనే బాసాన్లు తోమమంటరు, బట్టలు మడతపెట్టమంటరు. గట్ల నిద్ర లేని మనిషి మధ్యాహ్నం పాప పక్కన ఒరిగితే మొద్దు నిద్ర పడ్తది. అప్పుడు పాప మంచం మీంచి పడ్తది. రాత్రి మీరు చూసుకోండి, పగలు పాప పని తప్ప ఇంకేం చెప్పకండి, వారానికి ఒక రోజు సెలవు ఇయ్యండి. అట్ల ఉన్న ఇంట్ల మా అమ్మ మూడేండ్లు చేసింది.

కెమెరా పెడితే పెట్టుకోండి, తప్పు లేదు. చెప్పి పెట్టండి.

మేరీ_వైజాగ్
పిల్లల వార్డులో స్టాఫ్ నర్స్‌ని. స్వప్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. దానికి ఒకటి కలుపుతాను, భయపెట్టడానికి కాదు.

ఒంటరిగా ఉన్న ఆయా, ఏడుపు ఆపని బిడ్డ. అలాంటప్పుడు కొందరు జలుబు సిరప్ పడతారు, నిద్ర వస్తుంది కాబట్టి. మా వార్డుకు అలా మత్తుగా వచ్చిన పిల్లలను చూశాను. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని సీసా మీద రాయాలని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ వాళ్ళు చెప్పారు. అయినా అది అందరి ఇళ్ళల్లోనూ ఉంటుంది. మీరు ఇంటికి వచ్చేసరికి బిడ్డ ఎప్పటికంటే ఎక్కువ సేపు పడుకుని ఉండటం, లేపినా పాలకు సరిగా లేవకపోవడం, రాత్రేమో నిద్ర పట్టక ఆడుతుండటం, ఇవన్నీ వరసగా కొన్ని రోజులు కనిపిస్తే అనుమానించండి. ఇంట్లో ఉన్న సిరప్‌లు తాళం వేసి పెట్టుకోండి. క్రెచ్‌లో కూడా మీరు రాసి ఇవ్వనిదే ఏ మందూ వేయకూడదని చెప్పండి.

ఫణి గారి జలుబుల మాటలో కొంత నిజం ఉంది. చిన్నప్పుడే క్రెచ్‌కు వెళ్ళిన పిల్లలకు స్కూల్లో చేరాక జలుబులు తక్కువ వస్తాయని చెప్పేవాళ్ళున్నారు. కానీ ఏడాది లోపు బిడ్డకు శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి. పెద్ద పిల్లాడికి ముక్కు కారడంతో పోయేది, వీళ్ళకు ఆయాసం దాకా వెళ్ళొచ్చు. క్రెచ్‌లో వేస్తే మొదటి ఏడాది ఎనిమిది, పది జలుబులు లెక్కలో పెట్టుకోండి. ఆరు నెలలు నిండగానే ఫ్లూ టీకా మొదలుపెట్టించండి, మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. తొమ్మిది నెలలకు వేసే తట్టు టీకా ఆలస్యం చేయకండి. నన్నడిగితే ఏడాది నిండేదాకా ఇంట్లోనే, అత్తగారి కళ్ళ ముందు ఆయాతో.

వెంకట్_మియాపూర్
మాకు బాబు, ఇప్పుడు ఏడాది మూడు నెలలు. డబ్బు సంగతి నేను చెప్తాను, మిగతాది పెద్దవాళ్ళు చెప్తున్నారు.

మీ అంకెలే తీసుకుంటే, ఆయాకు ఏడాదికి 2,64,000, కమీషన్ 22,000. మొత్తం 2,86,000, ఆమె తిండి కాక. క్రెచ్‌కు 1,68,000, చేరే ఫీజు 10,000. మొత్తం 1,78,000. తేడా 1,08,000, అంటే నెలకు 9,000.

ఈ తొమ్మిది వేలు మిగిలాయని సంతోషపడితే మోసపోతారు. జ్వరం వస్తే క్రెచ్ తీసుకోదు, చాలా చోట్ల మందు లేకుండా జ్వరం తగ్గి 24 గంటలు గడిచాకే రమ్మంటారు. మేరీ గారు చెప్పిన పది జలుబుల్లో సగం జ్వరంతో వచ్చినా, ఒక్కోసారి రెండు మూడు రోజులు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. అదే ఆయా అయితే ఆమె చెప్పకుండా వెళ్ళిపోయిన రోజు ఇదే పరిస్థితి. ఏజెన్సీ ఇంకొకరిని పంపడానికి వారం పడుతుంది, వచ్చినావిడ బిడ్డకు కొత్త. ఏది ఎంచుకున్నా ఆ రోజుకు ఎవరున్నారన్నదే నాకు పెద్ద ప్రశ్న అయింది.

మేం ఏం చేశామంటే, ఇంట్లో వంట చేసే ఆవిడ ఉంది, పక్క బస్తీలోనే ఉంటుంది. ఆమెకు అదనంగా ఇచ్చి రోజూ సాయంత్రం ఒక గంట బాబుతో ఆడించేలా చూశాం. బాబుకు ఆమె అలవాటైంది. క్రెచ్ తీసుకోని రోజు ఆమె వస్తుంది, నేనో నా భార్యో ఇంటి నుంచి పనిచేస్తాం. తొమ్మిది వేలలో సగం అక్కడికే వెళ్తుంది.

ఫణి_కేపీహెచ్‌బీ
చట్టం సంగతి సరిచేసినందుకు థాంక్స్. కానీ 24 గంటల జ్వరం రూల్ ఎవరూ పాటించరండీ. మా పక్కింటివాళ్ళు పారాసిటమాల్ వేసి పంపేస్తారు, ఏమీ కాలేదు.

రాజ్యలక్ష్మి_విజయవాడ
వాళ్ళకు ఏమీ కాలేదు, మిగతా పిల్లలకు అయింది. మందు ప్రభావం తగ్గే వేళకు ఒళ్ళు కాలిపోతుంటే మేమే ఫోన్లు చేసేవాళ్ళం, ఎత్తేవాళ్ళు కాదు. ఒక పిల్లాడి నుంచి చేయి, కాలు, నోటి పొక్కులు మొత్తం గదికి అంటుకోవడం నేను చూశాను. ఫణి బాబూ, జ్వరం ఉన్న బిడ్డను తిప్పి పంపే క్రెచ్ మీద కోపం తెచ్చుకోకండి. తీసుకునే క్రెచ్ అయితేనే అనుమానించాలి.

మేరీ గారూ, మీ మాట కాదనను కానీ ఒక చిక్కుంది. బిడ్డ ఎనిమిది, తొమ్మిది నెలలకు మనిషిని గుర్తుపట్టి కొత్తవాళ్ళను చూసి ఏడవడం మొదలుపెడుతుంది. అది ఏడాదిన్నర దాకా గట్టిగా ఉంటుంది. ఏడాది నిండగానే క్రెచ్‌లో వేస్తే సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. నా అనుభవంలో ఏడో నెలలో వచ్చిన పిల్లలు వారం పది రోజుల్లో కుదురుకునేవాళ్ళు. పదమూడో నెలలో వచ్చినవాళ్ళు నెల దాటినా గేటు దగ్గరే ఏడ్చేవాళ్ళు. ఇప్పుడే వేయాలి, లేదా రెండేళ్ళ దగ్గర దాకా ఆగాలి.

మేరీ_వైజాగ్
ఏడుపు మానుతుంది అమ్మా, న్యుమోనియా వచ్చిందంటే వార్డులో పడుకోవాలి. మీరు చూసేది గేటు దగ్గర, నేను చూసేది ఆక్సిజన్ పెట్టాక. ఇందులో మనిద్దరికీ కుదరదు 🙂 మానస గారి పాప బరువు, పుట్టినప్పటి సంగతులు చూసి వాళ్ళ పిల్లల డాక్టర్ చెప్పాలి. నెల తక్కువలో పుట్టినా, ఇప్పటికే ఆయాసం వచ్చి ఉన్నా నేను గట్టిగా వద్దంటాను.

మానస_కొండాపూర్
నెలలు నిండే పుట్టింది, ఇంతవరకు ఒక్క జలుబే. డాక్టర్‌ను అడుగుతాను. పాల సంగతి కూడా చెప్పరా మేరీ గారూ? సీసా అస్సలు పట్టడం లేదు.

మేరీ_వైజాగ్
సీసా కోసం కొట్లాడకండి. ఉగ్గుగిన్నెతోనో, చిన్న గిన్నె, చెంచాతోనో పట్టండి. ఆరు నెలలు నిండితే మెత్తటి అన్నం, పప్పు, రాగి జావ మొదలవుతాయి కాబట్టి పగలంతా పాలే అక్కర్లేదు. మీరు ఇంట్లో ఉన్నప్పుడు చెంచాతో పడితే "అమ్మ ఉండగా ఇదేంటి" అన్నట్టు మూతి తిప్పుకుంటారు. మీ ఆయనతో పట్టించండి, మీరు ఇంకో గదిలో ఉండండి.

పిండిన పాలు బయట నాలుగు గంటలకు మించి ఉంచకండి, మన ఎండాకాలం అయితే అంత కూడా వద్దు. ఫ్రిజ్‌లో లోపలి అరలో పెడితే ఆ రోజుకు సరిపోతాయి, తలుపులో పెట్టకండి. వేడినీళ్ళ గిన్నెలో సీసా ఉంచి గోరువెచ్చగా చేయాలి, పొయ్యి మీద కాచకూడదు. తాగగా మిగిలినవి మళ్ళీ దాచకుండా పారబోయమని క్రెచ్‌లో చెప్పండి. ఇది చాలామంది పాటించరు, పాలు పారబోయడం అంటే మనసొప్పదు.

మానస_కొండాపూర్
అప్‌డేట్. రాజ్యలక్ష్మి గారు చెప్పినట్టే మధ్యాహ్నం ఒంటిగంటకు చెప్పకుండా వెళ్ళాం. మా వీధి క్రెచ్‌లో చంటిపిల్లల గదిలో తొమ్మిది మంది, ఒకే ఆయా. ఇంకో ఆయా "భోజనానికి వెళ్ళింది" అన్నారు. మేం ఉన్నంతసేపు రాలేదు. గోడ మీద టీవీ. బయటికొచ్చేశాం.

బొటానికల్ గార్డెన్ వైపు ఇంకోటి చూశాం. చంటిపిల్లలు ఆరుగురు, ఇద్దరు ఆయాలు. ఒకామె నాలుగేళ్ళుగా ఉందట, పిల్లలు ఆమె మీద పడి పాకుతున్నారు. డైపర్లు మార్చే బల్ల వంటగదికి దూరంగా, పక్కనే సింకు. నెలకు 17,000. అంటే వెంకట్ గారి తేడాలో మూడు వేలు ఇక్కడే పోతాయి. శనివారం మూత, అది ఆయన చూసుకుంటారు. సాయంత్రం ఆరింటికే మూసేస్తారు, దాటితే అరగంటకు ఇంత అని కట్టాలి. నేను ఎలాగూ అందుకోలేను, అందుకని తీసుకురావడం పూర్తిగా ఆయన పని. ఆఫీసుకు వెళ్ళే మూడు రోజులూ ఐదింటికే బయల్దేరతానని మేనేజర్‌తో మాట్లాడుకున్నారు.

డాక్టర్ "వేయొచ్చు, ఫ్లూ టీకా వేయించి" అన్నారు. అత్తయ్యను మొదటి నెలకు రమ్మంటున్నాం, పాపను ఎత్తడానికి కాదు, జ్వరం రోజులకు. మా వంటావిడను కూడా అడిగాను, సరే అంది.

రాజ్యలక్ష్మి_విజయవాడ
మంచి పని చేశారు. మీరు ఆఫీసుకు వెళ్ళే మొదటి రోజు, పాప రోజంతా ఉండే మొదటి రోజు ఒకటి కాకూడదు. ఇప్పుడే మొదలుపెట్టండి. మొదట గంటసేపు మీరు పక్కనే ఉండండి. తర్వాత అరగంట బయటికెళ్ళి రండి. ఆ పైన ఒక పూట తిండి ఆయా పెట్టే దాకా, ఇంకో రోజు ఆమె దగ్గర ఒక నిద్ర పూర్తయ్యే దాకా వదలండి. వేరేవాళ్ళ దగ్గర నిద్రపోయిందంటే సగం గట్టెక్కినట్టే. వెళ్ళేటప్పుడు కళ్ళు కప్పి జారుకోకండి, చెప్పే వెళ్ళండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. మొదటి వారం కంటే రెండో వారం ఎక్కువ ఏడవచ్చు. తిండి మానేసి, బరువు తగ్గి, మూడు వారాలు దాటినా ఆయా చేతిలో కుదురుకోకపోతే అప్పుడు ఆలోచించాలి.

సుబ్బారావు_తెనాలి
అమ్మాయ్, మరి ఆ ఏజెన్సీకి అడ్వాన్సు కట్టేశారా? మా వియ్యంకుల వాళ్ళు కడితే తిరిగి ఇవ్వలేదు.

మానస_కొండాపూర్
కట్టలేదు బాబాయ్ గారూ, బతికిపోయాం. స్వప్నా, నిన్నొకటి అడగాలి. వంటావిడకు పాపతో రోజూ గంట ఉండటానికి, జ్వరం రోజు పూర్తిగా రావడానికి ఎలా ఇవ్వాలి? ఆమె "మీ ఇష్టం" అంటోంది.

స్వప్న_నల్గొండ
"మీ ఇష్టం" అన్నరంటే అడగనీకె భయం అక్కా. రెండు వేర్వేరుగ పెట్టండి. రోజు గంటకు నెలకు ఇంత అని ఖాయం చేసి, పాప క్రెచ్‌ల ఉన్నా, ఊరికి పోయినా కొయ్యకండి. జ్వరం రోజు వస్తే ఆ రోజుకు వేరే, ఆమె ఆ రోజు ఏ ఇండ్ల పని వదులుకొని వస్తదో ఆ ఇండ్ల పైసలకంటె ఎక్కువుండాలె. ఆ ఇంటోళ్ళకు ఫోన్ కూడ మీరే చెయ్యండి, ఆమె మాట పడకుండ. ఎన్ని ఇండ్లు చేస్తదో ముందుగాల అడగండి.

మానస_కొండాపూర్
మూడిళ్ళు. ఒకటి మా ఫ్లోర్‌లోనే, వాళ్ళతో నేను మాట్లాడతాను. మిగతా రెండిళ్ళ వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలియదు, ఈ ఆదివారం ఆమెతో కలిసి వెళ్తున్నాను.